కానుక వద్దన్న చోట ఏం చేయాలి?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో, ప్రభుత్వ బోధనాసుపత్రి పరిపాలనా విభాగంలో పనిచేసి రిటైరైన ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పుస్తకాల గురించి మాట్లాడేవాళ్లు ఈ వారమంతా వచ్చి వెళ్లారు. నాకు పుస్తకాల కంటే ఫైళ్లతోనే పరిచయం ఎక్కువ. అందుకే నాకు తెలిసిన విషయమే ఎంచుకున్నాను. ఆసుపత్రిలో ఒక డాక్టరు, బడిలో ఒక టీచరు తమ డ్యూటీకి మించి మనకోసం ఏదో చేస్తారు. మనకు గుండె నిండిపోతుంది. ఏదైనా ఇవ్వాలనిపిస్తుంది. వాళ్లేమో పుచ్చుకోరు, పుచ్చుకోకూడదు కూడా. అప్పుడు మన కృతజ్ఞత ఎలా చెప్పాలి? "థాంక్స్ చెప్తే సరిపోదా" అని మీరు అనొచ్చు. సరిపోతుంది, నోటితో చెప్పినా చాలు. కానీ అంతకంటే ఎక్కువ చేయాలనుకునేవాళ్లు సరిగ్గా ఎక్కడ తప్పటడుగు వేస్తారో నేను ఆఫీసులో కూర్చుని చాలాసార్లు చూశాను.

ముందు రూలు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. అందులో 13వ రూలు కానుకల గురించి, 14వ రూలు సన్మానాల గురించి. మన రాష్ట్ర ఉద్యోగులకు ఉన్న ప్రవర్తనా నియమావళి కూడా 1964 నాటిదే. కేంద్ర నియమాల్లో కానుకలకు కొన్ని అంకెలు కనిపిస్తాయి. అనుమతి లేకుండా తీసుకోగల కానుక విలువ గ్రూప్ ఎ, బి వాళ్లకు 5,000 రూపాయలు, గ్రూప్ సి వాళ్లకు 2,000. 2019లో పెంచారు, అంతకుముందు 1,500, 500 ఉండేవి. ఈ అంకెలు చూసి "అయితే నాలుగు వేల చీర పెట్టొచ్చు" అనుకుంటారు జనం. అవి కేంద్ర ఉద్యోగులకు పెట్టిన పైహద్దులు, మనకిచ్చిన ధరల పట్టిక కాదు. అసలు తమతో అధికారిక పని ఉన్నవాళ్ల దగ్గర ఆడంబరమైన ఆతిథ్యంగానీ, పదే పదే ఆతిథ్యంగానీ తీసుకోకుండా జాగ్రత్తపడాలని అదే రూల్లో రాసి ఉంది. పేషెంటు కంటే అధికారిక పని ఉన్నవాళ్లు ఇంకెవరుంటారు?

రెండోది సన్మానం. దీని సంగతి చాలామందికి తెలియదు. శాలువా, పూలదండ, మెమెంటో, మైకు పట్టుకుని నాలుగు మాటలు, ఇందులో డబ్బు లేదు కదా, తప్పేముంది అనుకుంటాం. 14వ రూలు ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి తన గౌరవార్థం పెట్టిన సభకు వెళ్లకూడదు, సన్మానపత్రం తీసుకోకూడదు. రిటైర్మెంటుకో బదిలీకో తోటివాళ్లు ఇంటి మనుషుల్లా చేసుకునే చిన్న వీడ్కోలుకు మినహాయింపు ఉంది. మీ ఊళ్లో వినాయక చవితి పందిరి కింద డాక్టరుగారిని కూర్చోబెట్టి శాలువా కప్పి ఫ్లెక్సీ కట్టడం ఆ మినహాయింపులోకి రాదు. ఆయన మొహమాటానికి వస్తే, మరునాడు ఆ ఫొటో పేపర్లో పడితే, ఇబ్బంది పడేది ఆయనే.

ఇంత కఠినంగా ఎందుకు? లంచం అనుకుంటారనే కాదు. నేనైతే పక్క మంచం గురించి చెప్తాను. ప్రసూతి వార్డులో పనిచేసినవాళ్లెవరినైనా అడగండి. బిడ్డ పుట్టగానే ఒక కుటుంబం సంతోషంతో ఆయమ్మ చేతిలో ఐదొందలు పెడుతుంది. ఆ సంతోషం నిజమైనదే. పక్క మంచం వాళ్లు అది చూస్తారు. సాయంత్రం వాళ్ల కోడలి కాన్పుకు వాళ్లూ ఐదొందలు వెతుక్కుంటారు. వారం తిరిగేసరికి ఆ వార్డులో ఐదొందలు మామూలైపోతుంది. లేనివాళ్లు పక్కింటివాళ్ల దగ్గర అప్పు చేసి మరీ తెస్తారు. మొదట ఇచ్చినవాళ్లు లంచం ఇవ్వలేదు. కానీ ఒక రేటు పెట్టి వెళ్లారు. డాక్టరుకు ఇచ్చే స్వీటు డబ్బాకు, చీరకు కూడా ఇదే వర్తిస్తుంది. వార్డులో దాపరికం ఏమీ ఉండదు.

ఇప్పుడు ఒక కేసు చెప్తాను. పేర్లు చెప్పను, ఊరు చెప్పను.

ఒక ఆటో డ్రైవరు. తల్లికి షుగరు బాగా పెరిగి మెడికల్ వార్డులో చేర్చాడు. వారం తర్వాత డిశ్చార్జి. పొద్దున 20 యూనిట్లు, రాత్రి 10 యూనిట్లు ఇన్సులిన్ వేసుకోమని రాశారు. ఇన్సులిన్ సీసా ఆసుపత్రిలోనే ఇచ్చారు. సిరంజిలు ఆ రోజు వార్డులో అయిపోతే ఈ అబ్బాయి బయట మందుల షాపులో కొనుక్కొచ్చాడు. ఆ మధ్యాహ్నానికే డ్యూటీ అయిపోయిన హౌస్ సర్జన్, ఒక చిన్నమ్మాయి, వెళ్లిపోతూ వెళ్లిపోతూ ఆగింది. "ఇంటికెళ్లాక ఎలా వేస్తావో నాకోసారి చేసి చూపించు" అని అడిగింది. అతను సిరంజి తీశాడు. దాని మూత నారింజ రంగులో ఉంది.

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే ఇన్సులిన్ సీసా మీద సాధారణంగా 40 అని ఉంటుంది. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దానికి వాడాల్సింది 40 గుర్తున్న సిరంజి, మూత ఎర్రగా ఉంటుంది. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు వేరే సిరంజి, మూత నారింజ రంగు. 40 సీసాలోంచి 100 సిరంజితో "20" గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. ఇరవై వేశామనుకుంటారు, ఎనిమిదే పడుతుంది. షుగరు మళ్లీ ఎక్కడికో పోతుంది, మనిషి మళ్లీ అదే మంచం మీదికి వస్తుంది. తలకిందులైతే ఇంకా ప్రమాదం. 100 సీసాలోంచి 40 సిరంజితో "20" గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్తాయి. అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ అమ్మాయి ఇల్లు, భోజనం మర్చిపోయి సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయింది. ఇంకో వార్డుకు వెళ్లి ఎర్రమూత సిరంజిలు అడిగి తెచ్చింది. కొడుకు పొద్దున్నే ఆటో తీసుకుని వెళ్లిపోతాడు కాబట్టి నేర్పాల్సింది తల్లికి అని గ్రహించింది. ఆవిడకు చదువు రాదు. ఒక అట్టముక్క మీద సూర్యుడి బొమ్మ గీసి పక్కన సిరంజి బొమ్మ గీసి, 20 గీత దగ్గర ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టింది. కింద చంద్రుడు, 10 దగ్గర గుర్తు. సీసాను ఊపకూడదు, రెండు అరచేతుల మధ్య దొర్లించాలని చేసి చూపించింది. ఇంట్లో ఫ్రిజ్ లేదంటే, సీసాను మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో పెట్టి నీళ్లున్న కుండలో ఉంచమంది. చెమటలు పట్టి వణుకొస్తే వెంటనే పంచదార నోట్లో వేసుకోమంది. తర్వాత ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ నంబరు కనుక్కుని, వారం తిరక్కముందే మాట్లాడి, ఆవిడ ఎలా వేసుకుంటోందో ఒకసారి చూసి రమ్మంది.

ఆ అబ్బాయి చీర కొన్నాడు. ఆ అమ్మాయి నవ్వి "వద్దన్నా" అని వెళ్లిపోయింది. అతను ఆ ప్యాకెట్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "సార్, మీ చేత్తో ఇప్పించండి, మీరిస్తే కాదనదు" అన్నాడు. నేనిస్తే ఇద్దరం ఇరుక్కుంటాం బాబూ అని చెప్పి కూర్చోబెట్టాను. చీర మీ అమ్మకు కట్టబెట్టు, ఒక కాగితం మీద జరిగింది రాసి తీసుకురా అన్నాను.

మరునాడు తెచ్చాడు. చాలా బాగా రాశాడు, అతని దృష్టిలో. "మా తల్లికి పునర్జన్మ ప్రసాదించిన ప్రత్యక్ష దైవం, పేదల పాలిటి పెన్నిధి" ఇలా ఒక పేజీ. అందులో డాక్టరమ్మ పేరు ఇంటిపేరు లేకుండా ఉంది. ఏ వార్డో లేదు, ఏ తేదీయో లేదు, ఆమె చేసిందేమిటో అసలే లేదు. ఇలాంటి ఉత్తరం ఆఫీసుకు వస్తే ఏమవుతుందో చెప్తాను. తపాల్లో నంబరు పడుతుంది. సూపరింటెండెంటుగారు చదివి "సంతోషం" అని సంతకం పెడతారు. ఎవరికి పంపాలో, ఏం చేయాలో అందులో లేదు కాబట్టి గుమాస్తా దాన్ని ఎల్.డిస్ చేసేస్తాడు. అంటే ఏడాది తర్వాత చింపేసే కట్టలో పడేస్తాడు. పాపం అతని తప్పు కూడా కాదు.

దాన్ని పక్కన పెట్టి ఇద్దరం మళ్లీ రాశాం. నాకు గుర్తున్నంత వరకు చదువుతాను.

"సూపరింటెండెంట్ గారికి నమస్కారములు. మా అమ్మ (పేరు, ఐపీ నంబరు) ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆడవారి మెడికల్ వార్డు, రెండో యూనిట్‌లో చికిత్స పొందింది. డిశ్చార్జి రోజున హౌస్ సర్జన్ డాక్టర్ (పూర్తి పేరు) గారు తమ డ్యూటీ సమయం ముగిశాక కూడా ఉండి, నేను బయట కొన్న సిరంజి మా ఇన్సులిన్‌కు సరిపోదని గుర్తించారు. అది వాడి ఉంటే మా అమ్మకు 20కి బదులు 8 యూనిట్లే పడేవి. చదువురాని మా అమ్మకు సూర్యుడు, చంద్రుడు బొమ్మలతో అట్ట తయారుచేసి ఇచ్చారు. ఆమె చేతే ఇన్సులిన్ లాగించి చూశారు. ఆ అట్ట జిరాక్సు జతచేశాను. అదే వార్డులో స్టాఫ్ నర్సు (పేరు) గారు కూడా సహాయం చేశారు. మా అమ్మ ఇప్పుడు తనంతట తానే సరిగ్గా వేసుకుంటోంది. ఈ విషయం తమ దృష్టికి తేవాలని రాస్తున్నాను. నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు, కోరికా లేదు. ప్రతులు: మెడిసిన్ విభాగాధిపతి గారికి, మెడికల్ కాలేజీ ప్రిన్సిపాల్ గారికి, డాక్టర్ గారికి."

అంతే. దేవుడనే మాట ఎక్కడా లేదు. కానీ ఇది చదివినవాడికి ఆ అమ్మాయి ఏం చేసిందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇందులో ప్రతి ముక్కకూ ఒక పని ఉంది. ఐపీ నంబరు, తేదీలు ఉంటే కేస్ షీట్ తీసి చూసుకోవచ్చు, ఇది నిజమైన మనిషి రాసిన నిజమైన ఉత్తరమని తెలుస్తుంది. పూర్తి పేరు లేకపోతే ఒకే యూనిట్‌లో ముగ్గురు లక్ష్ములు, నలుగురు శ్రావణిలు ఉంటారు. హోదా తప్పనిసరి. హౌస్ సర్జన్‌కు సర్వీస్ రిజిస్టరు ఉండదు, ఆమె ఇంకా కాలేజీ మనిషి. అందుకే ప్రిన్సిపాల్‌కు ప్రతి. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసరైతే సూపరింటెండెంటు, విభాగాధిపతి చాలు. స్టాఫ్ నర్సుకైతే నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఒక ప్రతి. కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ మనిషైతే, ఆ వార్డుబాయ్ పేరుతోపాటు ఏజెన్సీ పేరు కూడా రాయండి. అలాంటివాళ్లకు మన దగ్గర ఫైలే ఉండదు. వాళ్ల గురించి ఎక్కడైనా మంచిమాట రాతలో ఉందంటే అది మీ ఉత్తరమే అవుతుంది. "కోరికా లేదు" అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ నేను పట్టుబట్టి రాయించాను. పొగడ్త ఉత్తరం చూడగానే "వీడికి ఏం కావాలో" అనుకోవడం ఆఫీసు అలవాటు.

ఇచ్చే పద్ధతి కూడా చెప్తాను. కవర్లో పెట్టి ఎవరికో ఇచ్చి వెళ్లొద్దు. రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి తపాల్ సెక్షన్లో ఇచ్చి, రెండోదాని మీద సీలు, ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. ఆ నంబరు పడిన ప్రతిని జిరాక్సు తీసి డాక్టరుకే ఇవ్వండి. మీరు కొనగల ఏ కానుక కంటే అది ఆమెకు పనికొస్తుంది. ఆ అమ్మాయి దాన్ని దాచుకుంది. విభాగాధిపతి ఆ ఉత్తరాన్ని వార్డు సిస్టర్లకు పంపి, ఇన్సులిన్‌తో ఇంటికెళ్లే ప్రతివాళ్ల దగ్గర సిరంజి తీయించి చూడమని రాశారు. ఆ అట్ట జిరాక్సు కొన్నాళ్లు వార్డు గోడకు అంటించి ఉండేది. పునర్జన్మ, పెన్నిధి అని ఉన్న మొదటి ఉత్తరంతో ఇది జరిగేది కాదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. మెచ్చుకుంటూ రాసిన ఉత్తరమే మెడకు చుట్టుకోవచ్చు. ఒకాయన ఒక ఫార్మసీ ఉద్యోగిని పొగుడుతూ "మేం దూరం నుంచి వస్తామని జాలిపడి, రూలు కాకపోయినా మూడు నెలల మందులు ఒకేసారి ఇప్పించారు" అని కలెక్టరుగారికి రాశాడు. కలెక్టరాఫీసు నుంచి అది మా దగ్గరికి "విచారించి నివేదిక పంపండి" అని వచ్చింది. ఆ ఉద్యోగికి మెమో, ఆయన ఎక్స్‌ప్లనేషన్, స్టాక్ రిజిస్టరు వెరిఫికేషన్. అంతా సర్దుకుంది చివరికి, కానీ ఆయన ఆ తర్వాత ఎవరికీ ఒక్క మాత్ర ఎక్కువ ఇవ్వలేదు. రాసినాయనకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

కాబట్టి రాసేముందు ఒక్కసారి ఆ ఉత్తరాన్ని పక్క మంచం మనిషిలా చదవండి. "మమ్మల్ని క్యూలో నిలబెట్టకుండా ముందు పంపారు", "విజిటింగ్ టైం కాకపోయినా లోపలికి రానిచ్చారు", "మాకు బెడ్ ఇప్పించారు" ఇవన్నీ మీకు మేలు, పక్కవాళ్లకు అన్యాయం. అలాంటివి రాతలో పెట్టొద్దు. తన సమయం, తన శ్రమ, తన తెలివి ఇచ్చిన సంగతులు రాయండి. ఇంకొకటి, "మేం పదివేలు ఇవ్వబోతే కూడా తీసుకోలేదు, అంత నిజాయితీపరుడు" అని రాస్తారు. వద్దు. ఇవ్వబోయానని సంతకంపెట్టి ఒప్పుకోవడం మీకు మంచిది కాదు, ఎందుకు ఇవ్వబోయారన్న ప్రశ్న ఆయనకు మంచిది కాదు.

ఈ రోజుల్లో అందరూ ముందు చేసేది ఫేస్‌బుక్‌లో పెట్టడం. డాక్టరుతో సెల్ఫీ, మంచం మీద అమ్మ, "ఎవరూ నయం చేయలేని జబ్బును నయం చేశారు" అని నాలుగు లైన్లు. దీంట్లో నాకు రెండు ఇబ్బందులు కనిపిస్తాయి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలే డాక్టర్లకు ఇప్పటికీ వర్తిస్తున్నాయి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్తవి తెచ్చి, అదే నెలలో ఆపేసింది. ఆ పాత నిబంధనల ప్రకారం డాక్టరు తాను నయం చేసిన కేసుల గురించి గొప్పలు చెప్పుకోకూడదు, అలాంటివి ప్రచురించనివ్వకూడదు. మీరు ప్రేమతో పెట్టినదాన్ని ఆయన షేర్ చేసినా, ఆయన చేయించినట్టు ఎవరైనా వేలెత్తి చూపొచ్చు. రెండోది మీ అమ్మ ఫొటో. ఆసుపత్రి గౌనులో, ముక్కులో గొట్టంతో ఉన్న తన ఫొటో ఊరంతా చూడాలని ఆవిడ అనుకుంటుందా? పెట్టాలనే ఉంటే డాక్టరును అడిగి, జబ్బు పేరు, ఫొటో లేకుండా రాయండి.

టీచర్ల దగ్గర పరిస్థితి కొంచెం వేరు. డాక్టరు దగ్గర పని అయిపోయాక మనం వెళ్లిపోతాం. టీచరు చేతిలో మీ పిల్లవాడి మార్కులు ఇంకా ఉంటాయి. ఎనిమిదో తరగతి పిల్లల నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష మీకు తెలుసు కదా, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఒక జిల్లా పరిషత్ బడిలో లెక్కల టీచరు పొద్దున్నే బడి మొదలవకముందు పిల్లల్ని కూర్చోబెట్టి దానికి చదివించాడనుకుందాం. స్కాలర్‌షిప్ వచ్చిన పిల్ల తండ్రి సంతోషంతో ఒక వాచీ తెస్తాడు. కానీ 2009 విద్యాహక్కు చట్టంలో 28వ సెక్షను టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. పొద్దున క్లాసు, తర్వాత వాచీ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఊళ్లో ఒక్కడున్నా చాలు, అది ఫీజు అయిపోతుంది. ఆ మేష్టారు ఉచితంగా చేసిన పనిని మనమే ట్యూషన్‌గా మార్చినట్టు.

ఇక్కడ మంచి దారి ఒకటుంది, ఎవరూ వాడుకోరు. ప్రతి సర్కారు బడికీ తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది. అది కూర్చున్నప్పుడు మినిట్స్ పుస్తకం రాస్తారు. "ఫలానా ఉపాధ్యాయుడు ఎలాంటి రుసుమూ లేకుండా, బడి ఆవరణలోనే, కోరిన పిల్లలందరికీ ఉదయం తరగతులు నిర్వహించారు, కమిటీ కృతజ్ఞతలు తెలుపుతోంది" అని ఒక తీర్మానం పెట్టమనండి. రుసుము లేకుండా, ఆవరణలోనే, పిల్లలందరికీ అన్న మూడు మాటలూ తప్పకుండా ఉండాలి. తర్వాత దాని నకలు హెడ్మాస్టరు ద్వారా మండల విద్యాధికారికి పంపమనండి. అది ఒక్క తండ్రి ఇచ్చిన పొగడ్తగా ఉండదు, బడి రికార్డుగా ఉంటుంది. వాచీ డబ్బులుంటే బడి లైబ్రరీకి లెక్కల పుస్తకాలు కొనివ్వండి. హెడ్మాస్టరు పేరున ఇచ్చి, స్టాక్ రిజిస్టర్లో ఎక్కించి, రసీదు తీసుకోండి. పుస్తకం మీద ఆ టీచరు పేరు రాయించొద్దు, పిల్ల ఆ బడిలో చదువుతుండగా కాకుండా పది అయిపోయాక ఇస్తే ఇంకా మంచిది.

మీలో కొంతమంది మనవలు అమెరికాలో చదువుతున్నారు కాబట్టి ఒక ముచ్చట. మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వ బడి టీచరు ఒక కుటుంబం నుంచి 50 డాలర్లకు చేరే కానుక తీసుకోకూడదు. కానీ తరగతి అంతా కలిపి ఇస్తే 150 డాలర్ల దాకా తీసుకోవచ్చు. షరతు ఏమిటంటే, ఎవరు ఇచ్చారో, ఎవరు ఎంత ఇచ్చారో టీచరుకు తెలియకూడదు. కానుక వల్ల వచ్చే చిక్కు ఎక్కడుందో ఈ రూలు రాసినవాళ్లకు బాగా తెలుసు. టీచరు మనసులో ఒక్క పిల్లవాడి పేరు పక్కన కానుక గుర్తు పడకూడదు. మన దగ్గర తల్లిదండ్రులు సెప్టెంబరు 5న ఎవరి కానుక పెద్దదని పోటీ పడటం చూస్తే, ఈ షరతు మనకూ ఉంటే బాగుండనిపిస్తుంది నాకు.

ప్రైవేటు ఆసుపత్రుల గురించి ఎక్కువ చెప్పను. అక్కడ ఫీడ్‌బ్యాక్ ఫారాలుంటాయి, కానుకలకు ఒక్కో యాజమాన్యం ఒక్కో పద్ధతి పెట్టుకుంటుంది. ఫారంలో నక్షత్రాలు టిక్కు పెట్టి వచ్చేయకుండా, ఆ ఖాళీ గడిలో నర్సు పేరు, తేదీ, ఆమె చేసిన పని రాయండి. నక్షత్రాలు సగటు లెక్కలో కలిసిపోతాయి.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక శ్రోత: మా డాక్టరుగారు వచ్చే నెల రిటైరవుతున్నారు. ఆ తర్వాత ఇవ్వొచ్చా?)

రిటైరయ్యాక ఆయన మామూలు మనిషి, ప్రవర్తనా నియమావళి గొడవ ఉండదు. ఆయనింటికి వెళ్లి మీ తోటలో మామిడిపళ్లు ఇచ్చి రండి, ఎవరూ ఏమీ అనరు. కాకపోతే ఆయన ప్రాక్టీసు పెట్టుకుని మీకు ఇంకా వైద్యం చేస్తుంటే పెద్ద కానుకలు వద్దు, ఆయనకే మొహమాటం. ఉత్తరం మాత్రం రిటైరవకముందే ఇవ్వండి. తర్వాత ఇస్తే పెట్టుకోవడానికి ఫైలు ఉండదు.

(ఇంకొక శ్రోత: పళ్లు, పూలు కూడా తప్పేనా? గుడికెళ్లి ప్రసాదం తెచ్చి ఇస్తే?)

ప్రసాదం ఎవరూ కాదనరమ్మా. అది డాక్టరుకు మాత్రమే కాకుండా వార్డులో అందరికీ పంచండి, పక్క మంచం వాళ్లకు కూడా. పళ్లబుట్ట సంగతి అలా కాదు, దానికి ఒక ధర ఉంటుంది, దానికంటే పెద్ద బుట్ట ఉంటుంది.

(మరొక శ్రోత: నాకు రాయడం రాదు. మనవరాలితో ఇంగ్లీషులో రాయించనా?)

ఇంగ్లీషు అక్కర్లేదు. మీరు చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాయమనండి, కింద వేలిముద్ర వేసి, పక్కన "రాసినవారు ఫలానా" అని ఆ పిల్ల సంతకం పెట్టమనండి. మా ఆఫీసుకు వచ్చినవాటిలో సూపరింటెండెంటుగారు పూర్తిగా చదివినవి ఎక్కువగా అలాంటివే. ఇంకొక మాట, మనవరాలు మీరు చెప్పనివి కలపకుండా చూడండి. పిల్లలు వ్యాసం రాసినట్టు మొదలుపెడతారు, "వైద్యో నారాయణో హరిః" అని. ఆ లైను కొట్టేయించి, ఏ రోజు, ఏ వార్డు అనేది అక్కడ రాయించండి.